కూలర్లో మిగులు, బిల్లులో కోత

అనంతపురం జిల్లా పడమటి మండలాల్లో ఒక సహకార డెయిరీ ముగ్గురు పాల కేంద్రాల కార్యదర్శులను పక్కన పెట్టడంతో పాత గొడవ మళ్లీ రాజుకుంది. ఆరోపణ పాతదే: పాలలో నీళ్లు కలిపారు. పాలు పోసేవాళ్ల జవాబూ పాతదే: నీళ్లు ఎవరూ కలపలేదు, మా పాలనే లెక్కలోంచి తీసేశారు. ఇద్దరూ చూపించేది ఒకే కాగితాలు. అంకెలు అవే అయినా ఇద్దరికీ రెండు కథలు ఎలా కనబడుతున్నాయో తెలియాలంటే, రాత్రిళ్లు గ్రామాల నుంచి ప్రధాన కార్యాలయానికి వెళ్లే లెక్కల దగ్గరికి పోవాలి.

1974లో పాడి అభివృద్ధి సంస్థ, 1981లో ఫెడరేషన్, 1995లో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం, ఈ వరుస అందరికీ తెలిసిందే. పాలబుక్కులో పెన్నుతో రాసుకునే రోజులు పోయి తూకం, వెన్న శాతం చెప్పే యంత్రం, చీటీ ముద్రించే పెట్టె ఒకే బల్ల మీదికి వచ్చిన సంగతీ తెలిసిందే. ఈ గొడవకు అవేవీ కారణం కావు. కారణం కార్యాలయం లెక్కల విభాగం ఒకప్పుడు తీసుకున్న ఒక చిన్న నిర్ణయం. మహాసభ తీర్మానాల్లో దాని ప్రస్తావనే లేదు.

కేంద్రంలో సాయంత్రం పూట పాలు తీసుకోవడం ముగిశాక, రాత్రి తొమ్మిది దాటిన తర్వాత యంత్రంలోని సిమ్ ద్వారా ఆ రోజు రెండు పూటల వివరాలు ప్రధాన కార్యాలయానికి వెళతాయి. కార్యాలయం కంప్యూటర్ వాటిని అందుకుని, ‘అందింది’ అని జవాబు పంపాలి. జవాబు వస్తేనే యంత్రం ఆ ఫైలును పంపినట్టు గుర్తు పెట్టుకుంటుంది. సిగ్నల్ సరిగా లేని ఊళ్లలో చిక్కంతా ఇక్కడే మొదలైంది. ఫైలు చేరేది, జవాబు మాత్రం దారిలో తప్పిపోయేది. అందలేదేమోనని యంత్రం అదే ఫైలును మళ్లీ పంపేది. కార్యాలయం దాన్ని కొత్త పాలుగానే జమ చేసుకునేది. అలా కొందరికి ఒకే పూట పాలకు రెండుసార్లు డబ్బు పడింది. ఆడిట్ అభ్యంతరం వచ్చింది. పడిన డబ్బును తర్వాతి పదిరోజుల బిల్లుల్లో తిరిగి కోశారు. ఆ కోతల మీద అప్పట్లో కేంద్రాల దగ్గర పెద్ద రభసే జరిగింది.

లెక్కల విభాగం దానికి ఒక మందు వేసింది. కేంద్రం సంఖ్య, తేదీ, పూట, సభ్యుడి సంఖ్య, ఈ నాలుగూ ఇంతకు ముందే వచ్చిన వరుసతో సరిపోతే కొత్తగా వచ్చినదాన్ని పక్కన పడేయాలి. మొదట వచ్చిందే నిలుస్తుంది. మందు పనిచేసింది. రెండుసార్లు జమ పడటం ఆగిపోయింది, ఆడిటర్లు తృప్తి పడ్డారు. ఒక సభ్యుడు ఒక పూట ఒక్కసారే పాలు పోస్తాడన్న నమ్మకం మీద ఆ నియమం నిలబడింది. ఆ నమ్మకం ఈ జిల్లాలో చెల్లదు.

ఇక్కడ చాలా ఇళ్లలో అప్పు చేసి కొన్న సంకర జాతి ఆవు ఒకటి, పాత గేదె ఒకటి పక్కపక్కనే కట్టేసి ఉంటాయి. వాటి పాలు కలపరు. కలిపితే గేదెపాల ధర పోతుంది. రెండు క్యాన్లు తెస్తారు, రెండు తూకాలు, రెండు చీటీలు. 47వ నంబరు సభ్యురాలి ఒక ఉదయపు లెక్క యంత్రం నుంచి ఇలా వెళ్లిందనుకుందాం:

```
0312|14|M|0047|1|B|3.5|6.5|9.0
0312|14|M|0047|2|C|2.0|3.8|8.4
```

మొదటి నాలుగు గడులు వరుసగా కేంద్రం, తేదీ, ఉదయం పూట, సభ్యురాలి సంఖ్య. ఐదోది నమూనా సంఖ్య, ఆరోది గేదెపాలా ఆవుపాలా అన్నది. ఆ తర్వాత లీటర్లు, వెన్న శాతం, వెన్న కాకుండా పాలలో ఉండే ఘనపదార్థాల శాతం చెప్పే ఎస్‌ఎన్‌ఎఫ్. కార్యాలయం మొదటి నాలుగు గడులే చూస్తుంది కాబట్టి రెండో వరుస దానికి పాత ఫైలు మళ్లీ వచ్చినట్టే కనిపిస్తుంది. ఆవుపాలు పోతాయి. చీటీ చేతిలో ఉంటుంది, డబ్బు బిల్లులో ఉండదు. సాయంత్రం పూటా అదే జరిగితే రోజుకు 4 లీటర్లు. లీటరు 36 రూపాయలు అనుకుంటే పది రోజులకు 1,440 రూపాయలు.

పడిపోయిన ఆ వరుసల్లో కార్యదర్శుల దిద్దుబాట్లు కూడా ఉన్నాయి. గేదెపాలకు బదులు ఆవుపాలని నొక్కి, తప్పు తెలుసుకుని యంత్రంలో సరిచేసినా, ఆ లోపు మొదటి ఫైలు వెళ్లి ఉంటే దిద్దిన వరుసకు చోటు లేదు. కానీ ఇవి అరుదు. రోజూ నష్టం కలిగించింది రెండు క్యాన్ల ఇళ్లే.

డబ్బు తక్కువ పడితే ఎవరో ఒకరు అడుగుతారు, అప్పుడే విషయం తేలాల్సింది. అడిగారు కూడా. బిల్లు మీద మొత్తం లీటర్లు, మొత్తం సొమ్ము మాత్రమే ఉంటాయి, పూటవారీ వివరాలు ఉండవు. అడిగిన వాళ్లకు సూపర్‌వైజర్ ఇచ్చిన జవాబు ‘వెన్న తగ్గి ఉంటుంది’. ఏ బిల్లుకైనా సరిపోయే జవాబు అది.

ఈలోగా అదే తప్పు పాలు చల్లబరిచి నిలవుంచే బల్క్ కూలర్ దగ్గర ఇంకో రూపంలో బయటపడింది. లెక్కలోంచి జారిపోయిన పాలు కూలర్లోంచి జారిపోవు కదా. ఒక కేంద్రంలో ఒక రోజు చీటీల ప్రకారం 412 లీటర్లు పోశారనుకుందాం. రెండు క్యాన్ల ఇళ్లు ఆరు, ఇంటికి 4 లీటర్ల చొప్పున 24 లీటర్లు రాలిపోతే కార్యాలయం లెక్క 388. ట్యాంకరు తూకంలో 421 కిలోలు వచ్చాయి. లీటరు పాలు సుమారు 1.03 కిలోలు తూగుతాయి గనుక అది దాదాపు 409 లీటర్లు. కార్యదర్శి దృష్టిలో మూడు లీటర్లు తరుగు. క్యాన్లకు, గొట్టాలకు అంటుకుపోయేది అంతే ఉంటుంది. కార్యాలయం దృష్టిలో 21 లీటర్లు మిగులు.

మిగులు పాలకు పాడి రంగంలో రెండే అర్థాలు చెప్పుకుంటారు. తూకంలో కొట్టారు, లేదా నీళ్లు కలిపారు. రాలిపోయినవి ఆవుపాలు కావడంతో రెండో అనుమానం బలపడింది. లెక్కలో మిగిలిన 388 లీటర్లలో గేదెపాల వాటా పెరిగి, వాటి సగటు వెన్న 5.0 అయింది. ట్యాంకరు పరీక్షలో వచ్చింది 4.9. పరిమాణం ఎక్కువ, వెన్న తక్కువ. నీళ్ల గురించి పుస్తకంలో చెప్పిన లక్షణాలు ఇవే.

కార్యాలయం ఇక్కడ ఆగింది. ఇంకొక్క గుణకారం చేసి ఉంటే అనుమానం తిరగబడేది. 388 లీటర్లంటే సుమారు 400 కిలోలు, 5 శాతం చొప్పున వెన్న 20 కిలోలు. ట్యాంకరులో 421 కిలోలకు 4.9 శాతం చొప్పున 20.6 కిలోలు. నీళ్లు కలిపితే శాతం పడిపోతుంది, వెన్న కిలోలు మాత్రం పెరగవు. నీళ్లే అయితే ఆ 20 కిలోల వెన్న 421 కిలోల్లో పరుచుకుని శాతం 4.75 దగ్గర ఉండాలి. అదనంగా వచ్చిన అర కిలో పైచిలుకు వెన్న పాలతోనే వచ్చింది. 24 లీటర్ల ఆవుపాలలో 3.8 శాతం లెక్కన ఉండేది 0.94 కిలోలు, తరుగును, యంత్రం తేడాను తీసేస్తే లెక్క కలుస్తుంది.

దీనికీ ఒక హద్దుంది. వెన్న చెప్పే యంత్రాలు 0.1 శాతం అటూ ఇటూ చూపిస్తాయి. ఒక్క రోజు తేడాను పట్టుకుని ఎవరినీ దొంగ అనకూడదు, నిర్దోషి అనీ అనకూడదు. పది రోజుల లెక్క తీసి తేడా ఎప్పుడూ ఒకే వైపు ఉందా అని చూడాలి. అంతకంటే తేలికైన గుర్తు ఇంకొకటి ఉంది. గేదెలు మాత్రమే ఉన్న ఊళ్ల కేంద్రాలను, ఆవులు మాత్రమే ఉన్న కేంద్రాలను, రెండూ ఉన్న కేంద్రాలను విడివిడిగా పెట్టి మిగులు ఎక్కడ ఉందో చూస్తే చాలు. పాలు పోసేవాళ్ల సంఘం చేయించిన లెక్కలో మిగులు మూడో రకం కేంద్రాల్లోనే కనబడింది. నీళ్లు కలిపే అలవాటు రెండు రకాల పశువులున్న ఊళ్లకే ఎందుకు పట్టుకుంటుందో కార్యాలయం ఇంతవరకు చెప్పలేదు.

కార్యాలయం వాదనలో పస లేదని కాదు. రెండుసార్లు చెల్లింపులు నిజంగా జరిగాయి, వాటిని ఆపకపోతే డెయిరీ మునిగేది. నీళ్లు కలిపిన కేసులు కూడా గతంలో ఘనీభవన స్థానం పరీక్షలోనే రుజువయ్యాయి. నీళ్లు పడిన పాలు గడ్డకట్టే ఉష్ణోగ్రత సున్నాకు దగ్గరవుతుంది, ఆ పరీక్షను మాటలతో తప్పించుకోలేరు. అయితే ఇప్పుడు పక్కన పెట్టిన ముగ్గురి విషయంలో ఆ పరీక్ష చేసినట్టు కాగితం ఏదీ బయటికి రాలేదు. మిగులు, వెన్న శాతం మీదే నోటీసులు వెళ్లాయి.

ప్రతి పూట చివర యంత్రం మొత్తాల చీటీ ఒకటి ముద్రిస్తుంది: ఎన్ని నమూనాలు, ఎన్ని లీటర్లు. అదే మొత్తం రాత్రి ఫైలు చివర కూడా వెళుతుంది. ఫైలు చివరి మొత్తాన్ని తమ పుస్తకంలో జమ అయిన మొత్తంతో పోల్చి ఉంటే 412కు 388 వచ్చిన మొదటి రాత్రే తెలిసేది. దాన్ని భద్రపరిచారు గానీ పోల్చలేదు.

వివాదం ముదిరాక కార్యాలయం నియమాన్ని కొంత సవరించింది. ఇప్పుడు నమూనా సంఖ్యను కూడా కలిపి చూస్తున్నారు. చాలా కేంద్రాల్లో మిగులు తగ్గింది, ఇది కూడా ఒక సాక్ష్యమే. పూర్తిగా పోలేదు. పాత యంత్రాలు కరెంటు పోయి వస్తే నమూనా సంఖ్యను మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడతాయి. పూట మధ్యలో కరెంటు పోతే, గేదెపాలు ముందు ఒకటో నమూనాగా పోసిన మనిషి ఆవుపాలు తర్వాత కూడా ఒకటో నమూనాగానే పడొచ్చు. పాల రకాన్నీ చేర్చి, దిద్దుబాటును పాత వరుసను రద్దు చేసే కొత్త వరుసగా పంపితేనే ఇది తీరుతుంది. దానికి కేంద్రాల్లోని యంత్రాల ప్రోగ్రాం మార్చాలి, ఒక్కో ఊరికి మనిషి వెళ్లాలి.

ఇక మిగిలింది పాత బాకీ. సభ్యుల దగ్గరి చీటీలు వేడికి అచ్చు పడే కాగితం మీదివి, కొన్ని నెలలకే అక్షరాలు వెలిసిపోతాయి. యంత్రాల జ్ఞాపకశక్తి నిండితే పాత పూటలను చెరిపేస్తుంది. కాబట్టి ఆధారమంటూ ఉంటే అది కార్యాలయం కంప్యూటర్‌లో, వడపోతకు ముందు అందినది అందినట్టు దాచిన రాత్రి ఫైళ్లలోనే ఉంది. పక్కన పడేసిన వరుసలన్నీ వాటిలో ఉంటాయి. ఈ ఏడాది ఫైళ్లు తెరవడానికి కార్యాలయం ఒప్పుకుంది. నాలుగు గడుల నియమం పెట్టిన రోజు నుంచీ తెరవాలని పాలు పోసేవాళ్లు పట్టుబడుతున్నారు. కార్యదర్శుల సంజాయిషీ గడువు ముగిసేలోపు ఫైళ్లు బయటికి రావాలన్నది వాళ్ల రెండో డిమాండు. దానికి కార్యాలయం నుంచి ఇంకా జవాబు రాలేదు.