జియోఫెన్స్ హాజరు: ఆబ్సెంట్ వేసే ముందు చూడాల్సినవి

పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం వైపు పల్లెల్లో అప్పు వాయిదాల వసూలుకి తిరిగే ఫీల్డ్ స్టాఫ్ హాజరు చూడటం నా పని. పొద్దున్నే సెంటర్ మీటింగ్ జరిగే చోటికి వెళ్లి ఫోన్‌లో చెక్-ఇన్ కొట్టాలి. ఆ చోటు చుట్టూ 150 మీటర్ల హద్దు పెట్టాం, జియోఫెన్స్ అంటే అదే. కొత్తగా వచ్చిన బ్రాంచి మేనేజర్లందరూ దాదాపు ఇవే మాటలంటారు.

అపోహ: "టవర్ లేదు సార్" అంటే చెక్-ఇన్ కుదరనట్టే.

జీపీఎస్‌కి సిమ్ కూడా అక్కర్లేదు, అది ఉపగ్రహాల నుంచి వస్తుంది. నెట్ ఉంటే ఏ ఉపగ్రహం ఎక్కడుందో ఫోన్ ముందే తెలుసుకుంటుంది కాబట్టి లొకేషన్ చిటికెలో దొరుకుతుంది. నెట్ లేకపోతే ఆ వివరం కూడా ఉపగ్రహం నుంచే వినాలి. ఆరుబయట నిలబడ్డా అర నిమిషం పడుతుంది, చెట్టు కిందో రేకుల షెడ్డులోనో అయితే ఇంకా చాలాసేపు. మావాళ్లకి చెప్పేది ఒక్కటే: ఆకాశం కనిపించే చోట నిలబడి, యాప్ మూసేయకుండా రెండు నిమిషాలు ఆగండి.

యాప్ ఆ చెక్-ఇన్‌ని ఫోన్‌లోనే దాచి, సిగ్నల్ వచ్చాక పంపాలి. మరి ఫోన్ గడియారం వెనక్కి తిప్పితే? ఫోన్‌లో ఆన్ చేసినప్పటి నుంచి నడిచే లెక్క ఒకటి విడిగా ఉంటుంది, గడియారం మార్చినా అది మారదు. ఉదయం 7:04కి కొట్టానన్న చెక్-ఇన్ మధ్యాహ్నం 1:10కి సర్వర్‌కి చేరిందనుకోండి. కొట్టినప్పటికీ పంపినప్పటికీ ఆ లెక్కలో తేడా 6 గంటల 6 నిమిషాలు ఉంటే మాట నిజం. 3 గంటల 40 నిమిషాలే ఉంటే కొట్టింది 9:30కి. మధ్యలో ఫోన్ ఆపి మళ్లీ ఆన్ చేస్తే లెక్క సున్నా నుంచి మొదలవుతుంది, అలాంటివి పక్కన పెట్టి మనిషిని అడగాలి.

అపోహ: మ్యాప్‌లో చుక్క హద్దు బయట పడిందంటే మనిషి అక్కడ లేనట్టే.

ఎక్కువ గొడవలు ఇక్కడే. ఫోన్ ఇచ్చేది చుక్క కాదు, వృత్తం. 'యాక్యురసీ 900' అంటే ఆ చుక్క చుట్టూ 900 మీటర్లలో ఎక్కడో ఉన్నాడని అర్థం. అదీ ఖాయం కాదు, ఆండ్రాయిడ్ లెక్క ప్రకారం మనిషి వృత్తం లోపల ఉండే అవకాశం 68 శాతమే.

కాశీనగరం దగ్గర ఒక కుర్రాడి చెక్-ఇన్ సెంటర్‌కి 640 మీటర్ల దూరంలో పడింది. మేనేజర్ ఆబ్సెంట్ వేసేశాడు. తీరా చూస్తే యాక్యురసీ 900, అంటే అది ఉపగ్రహం చెప్పింది కాదు, టవర్‌ని బట్టి వేసిన అంచనా. అయిదు నిమిషాల తర్వాత యాప్ తీసుకున్న రెండో లొకేషన్‌లో దూరం 40, యాక్యురసీ 14. కుర్రాడు సెంటర్‌లోనే ఉన్నాడు. పర్లాకిమిడిలో ఇంకో తమాషా: పక్కనే ఆంధ్రా పాతపట్నం కాబట్టి, ఫోన్ అటువైపు టవర్ పట్టుకుంటే మనిషి రాష్ట్రం దాటేసినట్టు కనిపిస్తుంది!

అందుకే మా లెక్కలో మూడు తీర్పులున్నాయి:

```
దూరం + యాక్యురసీ <= 150  : లోపల
దూరం - యాక్యురసీ > 150   : బయట
మిగతావి                  : తేలలేదు
```

తేలనివాటిని యాప్ మళ్లీ కొట్టమంటుంది, జీతం మాత్రం కొయ్యదు. ఒకే మనిషికి రోజూ 'తేలలేదు' వస్తుంటే ముందు ఫోన్ సెట్టింగ్ చూడండి. ఆండ్రాయిడ్ 12 నుంచి లొకేషన్ అనుమతిలో Use precise location అని విడిగా ఉంటుంది. అది ఆఫ్‌లో ఉంటే ఆరుబయట నిలబడినా సరైన చోటు రాదు.

అపోహ: హద్దు 30 మీటర్లకి తగ్గిస్తే దొంగ హాజరు ఆగుతుంది.

ఆగదు. నిజంగా వచ్చినవాళ్లకే టెన్షన్ పెరుగుతుంది. ఫేక్ లొకేషన్ పెట్టేవాడు ఎలాగూ చుక్కని సెంటర్ నడిబొడ్డునే పెడతాడు.

అపోహ: ఫేక్ లొకేషన్‌ని యాప్ తనే పట్టేస్తుంది.

మామూలు ఫేక్ యాప్‌లని ఆండ్రాయిడ్ గుర్తు పెట్టి చూపిస్తుంది. ఆండ్రాయిడ్ కట్టుబాట్లు తీసేసి రూట్ చేసిన ఫోన్లో ఆ గుర్తుని దాచేయొచ్చు. అలాంటప్పుడు పాత చెక్-ఇన్‌లు పక్కపక్కన పెట్టి చూడాలి. అసలైన జీపీఎస్ ఒకే చోట నిలబడినా రోజూ కొన్ని మీటర్లు అటూఇటూ జరుగుతుంది. వారం పాటు అయిదో దశాంశం దాకా (అంటే మీటరు తేడా కూడా లేకుండా) అదే లొకేషన్, అదే యాక్యురసీ వస్తే అనుమానించాల్సిందే. 18 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు ఆరు నిమిషాల్లో దాటినట్టు పడినా అంతే, కాకపోతే ఆ రెండు చెక్-ఇన్‌లలో ఒకటి టవర్ అంచనానేమో ముందు చూసుకోవాలి.

ఇక ఫోన్‌ని తోటి ఉద్యోగి చేతికిచ్చి పంపితే ఈ లెక్కలేవీ పట్టుకోలేవు, ఎందుకంటే ఫోన్ నిజంగానే సెంటర్‌లో ఉంది. ఇద్దరి చెక్-ఇన్‌లు రోజూ ఒకటే చోట, నిమిషం తేడాలో పడుతుంటే నేను ఇద్దరిలో ఎవరికీ ఫోన్ చేయను. సెంటర్ లీడరమ్మకి చేసి, ఈరోజు వాయిదా ఎవరి చేతికిచ్చారని అడుగుతాను.