జాయినింగ్ డేటు వాయిదా అడగడం: అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళం జిల్లాలో ఒక మందుల ఫ్యాక్టరీ హెచ్‌ఆర్ విభాగంలో పనిచేస్తున్నాను. ఆఫర్ లెటర్లు పంపడం, చేరేవాళ్ల కాగితాలు చూడటం నా పని. రణస్థలం, పైడిభీమవరం చుట్టుపక్కల ఒక ఫ్యాక్టరీ నుంచి ఇంకో ఫ్యాక్టరీకి మారే కుర్రాళ్లకు తరచుగా వచ్చే ఇబ్బంది ఒకటుంది. పాత కంపెనీ అనుకున్న రోజుకి వదలదు, కొత్త కంపెనీ ఇచ్చిన తేదీ మీదికి వచ్చేస్తుంది. అప్పుడు వాళ్లకు అందే సలహాల్లో సగం తప్పుడువే.

అపోహ: వాయిదా అడిగితే ఆఫర్ పోతుంది.

వాస్తవం: ముందుగా అడిగితే పోయేది చాలా తక్కువ. మా వైపు నుంచి చెబుతాను. ఒకరిని ఎంపిక చేయడానికి ఇంటర్వ్యూలు, జీతం ఖరారు, పై అధికారుల ఆమోదం అన్నీ నడవాలి. ఇదంతా మళ్లీ మొదటి నుంచి చేయడం కంటే మూడు నాలుగు వారాలు ఆగడమే మాకు తేలిక. మాకు నష్టం కలిగేది చివరి నిమిషంలో తెలిసినప్పుడే. అప్పటికి షిఫ్టు చార్టులో ఆ మనిషి పేరు ఎక్కి ఉంటుంది, ఇండక్షన్ బ్యాచ్‌లో చోటు పెట్టి ఉంటాం, ఆ డిపార్ట్‌మెంటు మేనేజరు తన పని దాన్నిబట్టే పంచుకుని ఉంటాడు.

ఒక మినహాయింపు ఉంది. కాలేజీ నుంచి నేరుగా తీసుకునే ట్రెయినీలు ఒకే బ్యాచ్‌గా చేరతారు, ఒకరి కోసం ఆ తేదీ జరగదు. వాళ్లు వాయిదా అడిగితే "తర్వాతి బ్యాచ్‌కి రండి" అనే జవాబు రావచ్చు, ఆ బ్యాచ్ ఎప్పుడన్నది మాత్రం కంపెనీ చేతిలో ఉంటుంది.

అపోహ: అసలు కారణం చెప్పకూడదు, ఇంట్లో ఎవరికో బాగోలేదని చెబితే ఎవరూ కాదనరు.

వాస్తవం: నిజమైన కారణాన్నే ఎక్కువ సులువుగా ఒప్పుకుంటారు. నోటీసు పీరియడ్ పూర్తికాలేదన్నది హెచ్‌ఆర్‌లో అందరికీ రోజూ కనిపించే కారణం. పైగా రేపు మా కంపెనీ మనిషి మానేసినా ఇదే నోటీసు మేమూ అడుగుతాం, కాబట్టి దాన్ని గౌరవించేవాడి మీద మాకు నమ్మకం పెరుగుతుంది.

అబద్ధం నిలవకపోవడానికి కాగితాలే కారణం. చేరేటప్పుడు రిలీవింగ్ లెటర్ ఇస్తారు, అందులో ఆఖరి పనిరోజు ఉంటుంది. పాత యజమాని పీఎఫ్ ఖాతాలో మానేసిన తేదీ వేస్తాడు, అది మీ యూఏఎన్ సర్వీసు వివరాల్లో కనిపిస్తుంది. నెల రోజులు అమ్మని ఆసుపత్రిలో చూసుకున్నానని చెప్పినవాడు ఆ నెలంతా పాత ఫ్యాక్టరీలో డ్యూటీ చేశాడని ఈ రెండు కాగితాలూ చెబుతాయి. ఇంకొందరు పాత చోట సెలవు పెట్టి, రిలీవ్ కాకుండానే కొత్త చోట చేరిపోతారు. అప్పుడు రెండు ఉద్యోగాల తేదీలూ ఒకదాని మీద ఒకటి పడతాయి. అది వాయిదా అడగడం కంటే ఎన్నో రెట్లు పెద్ద ప్రశ్న.

ఇంట్లో నిజంగా ఆపరేషన్ ఉంటే రోగం పేరు, రిపోర్టులు చెప్పనక్కర్లేదు. "నాన్నగారికి ఫలానా తేదీన ఆపరేషన్, డిశ్చార్జి అయ్యాక వారం రోజులు నేను దగ్గరుండాలి" అంటే చాలు.

పండగ సంగతి కూడా చెప్పాలి. విజయనగరం పిల్లలు పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం రోజున జాయినింగ్ పడితే బాధపడతారు, అది సహజం. దసరా తర్వాత వచ్చే మంగళవారం మనకు ఎంత పెద్ద పండగో హైదరాబాద్‌లో కూర్చున్న హెచ్‌ఆర్‌కి తెలియకపోవచ్చు. ఉన్నదున్నట్టు చెప్పి, బుధవారం చేరతానని అడగండి. ఆ వంకతో రెండు వారాలు అడగడం మాత్రం నాకు న్యాయంగా అనిపించదు.

అపోహ: నెల అడిగితే పదిహేను రోజులిస్తారు, అందుకని ఎక్కువే అడగాలి.

వాస్తవం: ఇది సంతలో కూరగాయల బేరం కాదు. మాకు కావలసింది ఎన్ని రోజులన్నది కాదు, ఏ తేదీ అన్నది. "ఆగస్టు నెలాఖరుకి వస్తాను సార్" అన్న మాటతో షిఫ్టు చార్టు వేయలేం. తేదీ ఊహించి చెప్పేది కాదు, లెక్క కట్టి చెప్పేది.

చీపురుపల్లి వైపు అబ్బాయి ఒకడు, క్వాలిటీ కంట్రోల్‌లో కెమిస్టు, సలహా కోసం నా దగ్గరకు వచ్చాడు. కొత్త కంపెనీ జాయినింగ్ జులై 14 అని ఇచ్చింది. జూన్ 9న రాజీనామా పెట్టాడు. ఒప్పందంలో నోటీసు 60 రోజులు. తోటివాళ్లను నెలకే వదిలారు కదా, తననూ వదులుతారనుకున్నాడు. జూన్ నెలాఖర్లో మేనేజరు, ఆడిట్ ఉంది, పూర్తి నోటీసు చేయాల్సిందే అన్నాడు. "నిజం చెప్తే ఆఫరు పోద్దేమో సార్, జులై 13న ఒంట్లో బాగోలేదని మెసేజ్ పెట్టేస్తాను" అన్నాడు నాతో.

ఇద్దరం కూర్చుని లెక్క వేశాం. రాజీనామా పెట్టిన రోజుతో కలిపి జూన్‌లో 22 రోజులు, జులైలో 31, మొత్తం 53. మిగిలిన 7 రోజులతో ఆగస్టు 7 ఆఖరి పనిరోజు. నో డ్యూస్ సంతకాలకి, రిలీవింగ్ లెటర్ చేతికి రావడానికి, గది మారడానికి నాలుగు రోజులు. చేరేది ఆగస్టు 12. ముందుగా పాత హెచ్‌ఆర్ దగ్గర ఆఖరి పనిరోజు ఆగస్టు 7 అని మెయిల్‌లో రాయించుకోమన్నాను. అది చేతిలో లేకుండా కొత్త కంపెనీకి తేదీ చెబితే రెండోసారి మార్చాల్సి రావచ్చు. రెండోసారి అడిగేటప్పుడు మొదటిసారి దొరికిన ఓపిక దొరకదు.

అతను పంపిన మెయిల్ ఇంగ్లిష్‌లోనే, వరస ఇది:

"నమస్కారం మేడమ్. ఫలానా పోస్టుకి మీరిచ్చిన ఆఫర్‌ను నేను అంగీకరించాను, చేరడం ఖాయం. జులై 14కి బదులు ఆగస్టు 12న చేరడానికి అనుమతి కోరుతున్నాను. ప్రస్తుత కంపెనీ నన్ను 60 రోజుల నోటీసు పూర్తయ్యాకే వదులుతోంది, ఆఖరి పనిరోజు ఆగస్టు 7. వాళ్ల మెయిల్ జతచేశాను. మీ ఇండక్షన్ వేరే రోజయితే, ఆగస్టు 12 తర్వాత వచ్చే మొదటి బ్యాచ్‌కి వస్తాను. మార్చిన తేదీతో లెటర్ పంపగలరు."

జులై 1న పంపాడు, అంటే చేరవలసిన రోజుకి దాదాపు రెండు వారాల ముందు. కొత్త తేదీకి ఒప్పుకున్నారు.

అపోహ: ఫోన్‌లో సరే అన్నారంటే సరిపోతుంది.

వాస్తవం: చాలా ఆఫర్ లెటర్లలో "ఈ తేదీలోగా చేరకపోతే ఆఫర్ రద్దయినట్టే" అనే వాక్యం ఉంటుంది. ఫోన్ మాట దాన్ని చెరపదు. ఫోన్‌లో సరే అన్నావిడ వచ్చే వారం ఉద్యోగం మారిపోవచ్చు. సవరించిన లెటర్ గానీ, కనీసం తేదీతో మెయిల్ జవాబు గానీ రావాలి. వచ్చాక జీతం, హోదా, ప్రొబేషన్ పాత లెటర్‌లో ఉన్నట్టే ఉన్నాయో లేదో చదువుకోండి. రెండు పనిరోజులు గడిచినా జవాబు రాకపోతే మళ్లీ మెయిల్ పెట్టి, ఆ తర్వాత ఫోన్ చేయండి. మౌనాన్ని ఒప్పుదల అనుకోవద్దు.

ఆ ఫోన్ మీరే చేయాలి. "బాబూ, మావోడికి ఇంకో పది రోజులు గడువియ్యండి" అని తండ్రులు నాకు ఫోన్ చేస్తుంటారు. ఆ పెద్దాయన మీద గౌరవంతో వింటాను, కానీ తేదీ ఆయన మాట మీద మార్చలేను.

కన్సల్టెన్సీ ద్వారా వచ్చిన ఆఫర్ అయితే మెయిల్ ఇద్దరికీ వెళ్లాలి. మీరు చేరితేనే చాలా కన్సల్టెన్సీలకు డబ్బు వస్తుంది, అందుకని "ఇప్పుడే చెప్పకు, ఆ రోజు చూసుకుందాం" అనేవాళ్లున్నారు. ఆ రోజు వచ్చాక గేటు దగ్గర జవాబు చెప్పుకోవాల్సింది మీరు.

అపోహ: నిజాయితీగా అడిగితే తప్పక ఇస్తారు.

వాస్తవం: ఇవ్వాలన్న నియమమేమీ లేదు. కొత్త యూనిట్ మొదలవుతున్నప్పుడు, ఆ పోస్టు చాలాకాలంగా ఖాళీగా ఉన్నప్పుడు కాదంటారు. అప్పుడు, మిగిలిన నోటీసుకి డబ్బు కట్టి బయటపడే వీలు పాత ఒప్పందంలో ఉందేమో చూడండి. ఉంటే అది ఎంతవుతుందో లెక్కకట్టి, కొత్త కంపెనీ భరిస్తుందా అని అడగండి. కొన్ని భరిస్తాయి. నిల్వ ఉన్న సెలవులను నోటీసులో సర్దుతారేమో పాత హెచ్‌ఆర్‌ని అడగండి. సగం రోజులైనా తగ్గితే, ఆ తగ్గిన తేదీతో అదే రోజు కొత్త కంపెనీకి మళ్లీ రాయండి.