బేస్‌మెంట్ ఫిల్లింగ్: నీళ్లు పెడితే చాలు, మట్టి అదే కూర్చుంటుందా?

అపోహ: ఫ్లోరింగ్ కింద గోడల మధ్య పోసే మూడడుగుల మట్టీ ఒకేసారి నింపేసి, నిండా నీళ్లు పెట్టి వారం వదిలేస్తే మట్టి అదే దిగుతుంది.

వాస్తవం: ఇసుకైతే, నీరు కిందికి ఇంకిపోయే చోటైతే, కొంతవరకు నిజమే. కానీ మనం ఎక్కువగా పోసేది మొరం, ఎర్రమట్టి. వాటిలో బంక ఉంటుంది. పైన బురదై, ఆరాక పెచ్చు కడుతుంది. లోపల గడ్డల మధ్య సందులు అలాగే ఉండిపోతాయి. ఎప్పుడో బాత్రూమ్ పైపు కారి నీరు చేరితే ఆ గడ్డలు మెత్తబడి నలుగుతాయి, పైన ఫ్లోరింగ్ కుంగుతుంది. నల్లరేగడి అయితే అసలు పోయకూడదు. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది.

నీళ్లు కావాలి, కానీ కొలతగా. తడిపిన మట్టిని పిడికిట్లో గట్టిగా నొక్కండి. ముద్ద కట్టి, వేలితో ఒత్తితే రెండు మూడు ముక్కలైతే సరిపోయినట్టు. పొడిగా రాలిపోతే ఇంకా చల్లాలి. అరచేతికి తడి బురద అంటితే ఆరనివ్వాలి. అలాంటి మట్టిని ఎంత కొట్టినా సందుల్లో ఉన్న నీరు పోదు, దిమ్మిస కింద ఒకచోట నొక్కుకుని పక్కన లేస్తుంది.

అపోహ: చివర్లో పైన మిషన్ తిప్పితే చాలు.

వాస్తవం: చిన్న ప్లేట్ కాంపాక్టర్ దెబ్బ పైన కొన్ని అంగుళాలకే అందుతుంది. అందుకే 8 అంగుళాల వదులు మట్టి పరిచి, తడిపి, సుమారు 6 అంగుళాలకు దిగేదాకా కొట్టాలి. ఆ తర్వాతే పై పొర. గోడల లోపలి వైపు ప్రతి 6 అంగుళాలకు సుద్దతో గీత పెట్టుకుంటే ఎవరూ పొర ఎగ్గొట్టలేరు.

12×10 అడుగుల గదిలో 3 అడుగుల ఫిల్లింగ్ అనుకోండి. కుదించాక 360 ఘనపుటడుగులు. 8 అంగుళాలు 6 అవుతున్నాయి కాబట్టి వదులు మట్టి 480 కావాలి. 100 ఘనపుటడుగులు పట్టే ట్రాలీ అయితే దాదాపు ఐదు. నాలుగు ట్రాలీలకే గది నిండిందంటే మట్టి సరిగా దిగలేదనే అనుమానించాలి. మేస్త్రీతో వాదన కన్నా ట్రాలీల లెక్క మేలు. (ట్రాలీ తొట్టి కొలత మీరే తీసుకోండి, పేరుకు చెప్పే లెక్క నమ్మొద్దు.)

అపోహ: మధ్యలో గట్టిగా ఉంటే అంతా గట్టే.

వాస్తవం: మొదట కుంగేది గోడల అంచులు, మూలలు, డ్రైనేజీ పైపుల పక్కన. మిషన్ అక్కడికి చేరదు. ఆ చోట్ల 4 అంగుళాల పొరలతో చేతి దిమ్మిస వాడాలి. పైపు కోసం తవ్విన కాలువనూ అలాగే పొరలుగా పూడ్చాలి, పారతో మట్టి తోసేస్తే కుదరదు. పైన పీసీసీ కాంక్రీటు వేసే ముందు 12 ఎంఎం చువ్వను మూలల్లో చేత్తో గుచ్చి చూడండి. మధ్యలో కన్నా అక్కడ తేలిగ్గా దిగిపోతే, ఆ మేర తవ్వి మళ్లీ పొరలుగా కొట్టించాలి.