న్యూట్రినోలు లేని జంట బీటా క్షయం: 2039 దగ్గర వెతుకులాట

జర్మేనియం-76 కేంద్రకానిది వింత ఇరకాటం. అందులో 32 ప్రోటాన్లు, 44 న్యూట్రాన్లు ఉంటాయి. ఒక న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారి, ఒక ఎలక్ట్రాన్‌నూ, న్యూట్రినో అనే అతి తేలికైన కణానికి ప్రతికణంగా చెప్పే ఒక యాంటీన్యూట్రినోనూ బయటికి విసిరితే దాన్ని బీటా క్షయం అంటాం. జర్మేనియం-76 అలా మారాలంటే ఆర్సెనిక్-76 కావాలి. కానీ ఆర్సెనిక్-76 దీనికంటే బరువు. కేంద్రకంలో ప్రోటాన్లు ప్రోటాన్లతో, న్యూట్రాన్లు న్యూట్రాన్లతో జతకడితే బంధం గట్టిపడుతుంది. ఆర్సెనిక్‌లో 33 ప్రోటాన్లు, 43 న్యూట్రాన్లు, అంటే రెండు వైపులా జత లేనిది ఒక్కొక్కటి మిగిలిపోతుంది. అందుకే ఆ దారి మూసుకుపోయింది. దాన్ని దాటి అవతల ఉన్న సెలీనియం-76 మాత్రం జర్మేనియం కంటే తేలిక. అక్కడికి చేరాలంటే రెండు న్యూట్రాన్లు ఒకేసారి మారాలి.

అలా మారడం నిజంగానే జరుగుతుంది. రెండు ఎలక్ట్రాన్లు, రెండు యాంటీన్యూట్రినోలు బయటికొస్తాయి. మరియా గెప్పర్ట్ మేయర్ 1935లోనే ఈ క్షయం ఎంత అరుదుగా ఉంటుందో లెక్క వేసింది. జర్మేనియం-76కు కొలిచిన అర్ధాయువు దాదాపు 2×10²¹ సంవత్సరాలు. విశ్వం వయసుకు ఇది పదివేల కోట్ల రెట్లకు పైమాటే. అయినా కిలో జర్మేనియంలో కేంద్రకాలు లెక్కకు మించి ఉంటాయి కాబట్టి ఈ క్షయాన్ని కొలవడం ఇప్పుడు కష్టం కాదు.

అసలు వెతుకుతున్నది దీని తోబుట్టువును. అందులో రెండు ఎలక్ట్రాన్లే వస్తాయి, న్యూట్రినో ఒక్కటీ రాదు. ఇప్పటివరకు దాన్ని ఎవరూ నిర్ధారణగా చూడలేదు.

న్యూట్రినో రాకపోతే అది ఎక్కడికి పోయింది? సూటిగా ఉండే వివరణ ఇది. మొదటి న్యూట్రాన్ మారినప్పుడు ఒక యాంటీన్యూట్రినో పుడుతుంది. అది కేంద్రకం దాటి రాకముందే రెండో న్యూట్రాన్ దాన్ని మింగి, తానూ ప్రోటాన్‌గా మారి, రెండో ఎలక్ట్రాన్‌ను విడుదల చేస్తుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. న్యూట్రాన్ మింగి ఎలక్ట్రాన్‌ను ఇవ్వగలిగేది న్యూట్రినోనే, యాంటీన్యూట్రినో కాదు. కాబట్టి ఒక చివర యాంటీన్యూట్రినోగా పుట్టినది రెండో చివర న్యూట్రినోగా పనిచేయాలి. రెండూ ఒకే కణమైతేనే అది కుదురుతుంది. ఎలక్ట్రాన్‌కు ఇలాంటి అవకాశమే లేదు, ఎందుకంటే దానికి రుణావేశం, దాని ప్రతికణానికి ధనావేశం ఉంటాయి. ఏ ఆవేశమూ లేని న్యూట్రినో తనకు తానే ప్రతికణం కావచ్చని ఎత్తొరె మయోరానా 1937లో చూపించాడు. 1939లో వెండెల్ ఫరీ ఆ ఆలోచనను జంట బీటా క్షయానికి అన్వయించాడు.

దీన్ని నేరుగా పరీక్షించవచ్చు కదా అనిపిస్తుంది. రేమండ్ డేవిస్ 1950లలో ఆ పనే చేశాడు. అణు రియాక్టర్ నుంచి వచ్చేవి యాంటీన్యూట్రినోలు. క్లోరిన్-37ను ఆర్గాన్-37గా మార్చగలిగేవి న్యూట్రినోలు. రియాక్టర్ పక్కన క్లోరిన్ ఉన్న ద్రవం ట్యాంకులు పెట్టి చూస్తే, ఆశించిన ఆర్గాన్ దొరకలేదు. రెండూ వేర్వేరు కణాలని తేలిపోయినట్టే కనిపించింది. 1957లో బలహీన బలం కుడి ఎడమలను సమానంగా చూడదని రుజువయ్యాక ఆ వాదనలో బలం పోయింది. ఆ బలం ద్వారా పుట్టే యాంటీన్యూట్రినోది కుడిచేతి వాటం, అంటే సాగే దిశను బట్టి చూస్తే దాని భ్రమణం కుడి మరలా ఉంటుంది. మింగబడాల్సిన న్యూట్రినోది ఎడమచేతి వాటం. కణం ఒక్కటే అయినా, వాటం కుదరకపోతే క్లోరిన్‌లో మార్పు రాదు.

ఈ వాటం అడ్డు జంట బీటా క్షయానికీ ఉంది. దాన్ని దాటించేది న్యూట్రినో ద్రవ్యరాశి. ద్రవ్యరాశి ఉన్న కణంలో ఎదురు వాటం పాలు కొంచెమైనా కలిసి ఉంటుంది. అది ద్రవ్యరాశిని శక్తితో భాగిస్తే వచ్చేంత. న్యూట్రినో ద్రవ్యరాశి ఒక ఎలక్ట్రాన్ వోల్టు కంటే తక్కువ. కేంద్రకం లోపల ఈ ఇచ్చిపుచ్చుకోవడంలో ఉండే ద్రవ్యవేగాన్ని శక్తిగా చెప్పుకుంటే దాదాపు పది కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు. అంటే ఆ పాలు పది కోట్లలో ఒక వంతుకు కూడా రాదు, సంభావ్యతలో దాని వర్గం వస్తుంది. ఈ క్షయం జరిగినా ఇంత అరుదుగా జరగడానికి కారణం ఇదే.

న్యూట్రినో మారకం బదులు మనకింకా తెలియని ఏదో భారీ కణం ఈ పని చేయించిందనుకుందాం. అప్పుడూ న్యూట్రినో తన ప్రతికణమే అవుతుందా? అవుతుందని షెక్టర్, వాయే 1982లో చూపారు. రెండు ఎలక్ట్రాన్లు మాత్రమే వచ్చే ప్రక్రియ ఏ రకంగా జరిగినా, దాన్ని తిరగేసి కలిపితే న్యూట్రినో యాంటీన్యూట్రినోగా మారే దారి తప్పక ఏర్పడుతుంది. కాకపోతే ఆ దారి ఒక్కటే ఇచ్చే ద్రవ్యరాశి అత్యల్పం. మనం కొలిచిన న్యూట్రినో ద్రవ్యరాశులకు అది చాలదు. కాబట్టి ఈ క్షయం కనిపిస్తే ‘తనకు తానే ప్రతికణం’ అన్నది గట్టి ముగింపు. అర్ధాయువు నుంచి న్యూట్రినో ద్రవ్యరాశిని రాబట్టడం మాత్రం మరో ఊహ మీద ఆధారపడిన లెక్క. చాలా వార్తాకథనాలు ఈ రెండింటినీ కలిపేస్తాయి.

ఇక వెతికే పద్ధతి. క్షయంలో విడుదలయ్యే మొత్తం శక్తి 2039 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. మామూలు జంట క్షయంలో న్యూట్రినోలు కొంత పట్టుకుపోతాయి, అందుకే ఎలక్ట్రాన్ల శక్తి సున్నా నుంచి 2039 వరకు పరుచుకుని ఉంటుంది. న్యూట్రినోలు లేకపోతే ప్రతిసారీ సరిగ్గా 2039 నమోదవ్వాలి. జర్మేనియం గొప్పతనం ఏమిటంటే, అది స్వయంగా అర్ధవాహకం. క్షయించే పదార్థమే శక్తిని కొలిచే పరికరం కూడా అవుతుంది, 2039 దగ్గర మూడు కిలో ఎలక్ట్రాన్ వోల్టుల తేడాను కూడా పసిగడుతుంది. ఎత్తొరె ఫియోరిని బృందం 1967లో ఈ పద్ధతి మొదలుపెట్టింది.

ఎన్ని ఘటనలు రావాలో లెక్క చూద్దాం. సహజ జర్మేనియంలో జర్మేనియం-76 ఎనిమిది శాతం లోపే, దాన్ని శుద్ధిచేసి 87 శాతానికి తెస్తారు. అలాంటి కిలోలో దాదాపు 6.9×10²⁴ కేంద్రకాలు ఉంటాయి. అర్ధాయువు 10²⁶ సంవత్సరాలైతే, కేంద్రకాల సంఖ్యను 0.69తో గుణించి అర్ధాయువుతో భాగించాలి. కిలోకు ఏడాదికి 0.05 ఘటన వస్తుంది. వంద కిలోలు పెట్టినా ఏడాదికి ఐదు. అదే వంద కిలోల్లో మామూలు జంట క్షయాలు రోజుకు 650 దాకా జరుగుతాయి. 2039 పక్కనే పడే ఇతర రేడియోధార్మికత ఏడాదికి పది ఘటనలు తెచ్చినా, మన ఐదూ వాటిలో కలిసిపోతాయి.

అందుకే ఇటలీలోని గ్రాన్ సాసో పర్వతం కింద, 1400 మీటర్ల రాతి అడుగున జెర్డా ప్రయోగం జరిగింది. జర్మేనియం స్ఫటికాలను నేరుగా ద్రవ ఆర్గాన్‌లో వేలాడదీశారు. దాని చుట్టూ 590 ఘనపు మీటర్ల శుద్ధజలం. కాపలా అక్కడితో మొదలు కాదు. జర్మేనియం నేల మీద ఉన్నంతసేపూ కాస్మిక్ కిరణాలు దానిలో జర్మేనియం-68, కోబాల్ట్-60 పుట్టిస్తాయి. వీటి శక్తి 2039ను దాటి పోతుంది కాబట్టి కలుషితం చేస్తాయి. కాస్మిక్ కిరణాలు పైన మరీ ఎక్కువ గనుక విమానంలో పంపరు. కవచం ఉన్న పెట్టెల్లో ఓడల మీద, లారీల మీద తెచ్చి, తయారీ దశల మధ్యలో భూగర్భంలో దాస్తారు.

ఆర్గాన్ తన వంతు తలనొప్పి తెచ్చింది. గాలి నుంచి తీసిన ఆర్గాన్‌లో ఆర్గాన్-42 అతి స్వల్పంగా ఉంటుంది. అది పొటాషియం-42గా మారుతుంది. ఆ అయాన్లకు ఆవేశం ఉంటుంది కనుక, స్ఫటికాల మీద పెట్టిన అధిక వోల్టేజీ వాటిని దగ్గరికి లాగేస్తుంది. వాటి బీటా ఎలక్ట్రాన్లకు 3500 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దాకా శక్తి. చివరికి స్ఫటికాల వరసలకు పారదర్శకమైన నైలాన్ తొడుగులు వేశారు. అయాన్లు దూరంగా ఆగిపోయాయి. ఆర్గాన్‌లో పుట్టే వెలుగు మాత్రం తొడుగు దాటి బయటి ఫైబర్లకు చేరింది. ఆ వెలుగు ముఖ్యం. స్ఫటికంతో పాటు ఆర్గాన్ కూడా మెరిసిందంటే ఆ ఘటనలో గామా కిరణమో మరొకటో బయట కూడా శక్తి వదిలిందన్నమాట. దాన్ని కొట్టేస్తారు.

మిగిలినవాటిని పల్సు ఆకారం వడకడుతుంది. జంట క్షయంలో వచ్చే ఎలక్ట్రాన్లు జర్మేనియంలో మిల్లీమీటరు దూరంలోనే ఆగిపోతాయి, కాబట్టి శక్తి ఒకేచోట పడుతుంది. గామా కిరణం రెండు మూడు చోట్ల తగిలి పోతుంది. స్ఫటికానికి ఒకవైపు చిన్న ఎలక్ట్రోడు ఉంటే, ఒకేచోట పడిన ఆవేశం దాన్ని చేరేటప్పుడు కరెంటు ఒక్కసారి ఎత్తుగా లేస్తుంది. చాలా చోట్ల పడినది చిన్న చిన్న శిఖరాలుగా విడిపోతుంది. కరెంటు గరిష్ఠాన్ని మొత్తం శక్తితో భాగిస్తే తేడా తెలుస్తుంది. ఎలక్ట్రోడు ఉపరితలం మీది ఆల్ఫా కణాలకు ఈ విలువ మరీ ఎక్కువ వస్తుంది, అవీ దొరికిపోతాయి.

ఈ జల్లెడ అసలు సరుకును కూడా పారబోయడం లేదని ఎలా తెలుస్తుంది? వారం పదిరోజులకోసారి థోరియం-228ను స్ఫటికాల దగ్గరికి దించుతారు. దాని నుంచి వచ్చే 2615 గామా కిరణం కొన్నిసార్లు ఎలక్ట్రాన్, పాజిట్రాన్ జంటను పుట్టిస్తుంది. పాజిట్రాన్ నశించి 511 చొప్పున వచ్చే రెండు గామాలూ స్ఫటికం దాటి పోతే, లోపల మిగిలేది 1593. అదీ ఒకేచోట. జంట బీటా ఘటనకు ఇంతకంటే మంచి నకలు దొరకదు. ఈ 1593 శిఖరంలో 90 శాతం నిలవాలి. బిస్మత్-212 ఇచ్చే 1621 శిఖరం చాలావరకు రాలిపోవాలి. రెండిట్లో ఏది తప్పినా ఆ స్ఫటికం వడపోతను తిరిగి సరిచేయాలి. శక్తి కొలత రెండు పరీక్షల మధ్య జారిపోతే ఆ కాలపు దత్తాంశాన్ని వాడరు.

ఇంత పట్టుదల ఎందుకో 2001 నాటి వివాదం చెబుతుంది. హైడెల్‌బెర్గ్-మాస్కో ప్రయోగ బృందంలో కొందరు 2039 దగ్గర శిఖరం చూశామని ప్రకటించారు. 2004లో అర్ధాయువు 1.19×10²⁵ సంవత్సరాలన్నారు. మిగతా సభ్యులు, బయటివారు నమ్మలేదు. చుట్టూ ఉన్న నేపథ్య ఘటనలను ఎలా అంచనా కట్టారన్న దాని మీదే శిఖరం ఉందా లేదా అన్నది తేలే స్థితి. జెర్డా 2013లో దీన్ని అదే ఐసోటోపుతో పరీక్షించింది. కళ్ళు మోసపోకుండా 2039 చుట్టుపక్కల నమోదైన ఘటనలను ముందే మూసిపెట్టి, వడపోత నియమాలన్నీ ఖరారయ్యాకే తెరిచారు. పాత ప్రకటన నిజమైతే 5.9 సంకేత ఘటనలు, వాటికి తోడు 2.0 నేపథ్య ఘటనలు రావాలి. వచ్చినవి మూడు. శిఖరం మధ్యభాగంలో ఒక్కటీ లేదు.

2020లో జెర్డా తుది ఫలితం అర్ధాయువు 1.8×10²⁶ సంవత్సరాల కంటే ఎక్కువని చెప్పింది. రెండో దశలో పోగైన కొలత, జర్మేనియం కిలోలను ఏళ్ళతో గుణిస్తే, 103.7 కిలోగ్రామ్-సంవత్సరాలు. అందులో సంకేతం ఉండాల్సిన వెడల్పులో ఆశించిన నేపథ్యం ఒక ఘటన కూడా కాదు. నేపథ్యం లేకపోతే ఆ కొలత పరిమాణాన్ని రెండింతలు చేసినప్పుడు అర్ధాయువు హద్దు కూడా రెండింతలవుతుంది. ఉంటే వర్గమూలం చొప్పునే పెరుగుతుంది. తరువాతి లెజెండ్ ప్రయోగం గ్రాన్ సాసోలోనే నడుస్తోంది. దాని వెయ్యి కిలోల దశకు భూగర్భం నుంచి తీసిన ఆర్గాన్ వాడాలన్నది ప్రణాళిక, ఆర్గాన్-42 బెడద ఉండదని. అర్ధాయువు 10²⁸ అయితే అంత జర్మేనియంలోనూ రెండేళ్ళకు ఒక ఘటన.

చూడకపోతే న్యూట్రినో తన ప్రతికణం కాదని తేలినట్టా? కాదు. మూడు న్యూట్రినో ద్రవ్యరాశుల వాటాలు ఒకదాన్నొకటి రద్దుచేసుకునే అవకాశం ఉంది. చూస్తే, మొదటి పని మరో ఐసోటోపులో వెతకడం. జపాన్‌లోని కామ్‌లాండ్-జెన్ ప్రయోగం జెనాన్-136తో వెతికింది, గ్రాన్ సాసోలోని క్వోరె టెల్లూరియం-130తో. జెనాన్ శక్తి 2458, టెల్లూరియంది 2528 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. జర్మేనియంలో 2039 దగ్గర కనిపించినది ఏదో గుర్తుపట్టని గామా గీత అయితే, మిగతా రెండింటిలో వాటి వాటి శక్తుల దగ్గర ఏమీ కనిపించకూడదు.