అర్ధరాత్రి వాచిన బొటనవేలు: గౌటా, చీము పట్టిందా?

కొత్తపట్నం వైపు రొయ్యల గుంటల మీద పనిచేసే యాభైనాలుగేళ్ళ మనిషి ఒకరు, రాత్రి రెండు గంటలకు కుడికాలి బొటనవేలు ఎవరో సుత్తితో కొట్టినట్టు పోటు పెట్టి లేచారు. తెల్లవారి తొమ్మిదింటికి ఒంగోలులో నా దగ్గరికి వచ్చేసరికి ఇంట్లో వాళ్ళు పసుపు, సున్నం కలిపి పట్టు వేసి ఉన్నారు. "దుప్పటి అంచు తగిలినా ప్రాణం పోతోంది సార్. చీము పట్టిందేమో, ఇంజెక్షన్లు వేయించండి. మూడేళ్ళ కిందట ఇట్లాగే వస్తే మా ఊళ్ళో అయిదు రోజులు వేశారు, తగ్గిపోయింది" అన్నారాయన. నిజంగానే అప్పుడు తగ్గింది. అయితే తగ్గించింది ఆ ఇంజెక్షన్లేనా అన్నదే తేల్చవలసిన విషయం.

ముందు ఆ పట్టును గోరువెచ్చని నీటితో మెల్లగా కడిగించాను. పసుపు, సున్నం కలిస్తే వచ్చే ఎరుపు చర్మపు ఎరుపును కప్పేస్తుంది, సన్నని గాటు ఉన్నా కనబడనివ్వదు. కడిగాక చూస్తే వేలి మొదట్లో, పాదంతో కలిసే కీలు చుట్టూ చర్మం బిగుసుకుని నిగనిగలాడుతూ ఎర్రగా ఉంది. గోరు పక్కన గాయం లేదు. వేళ్ళ సందుల్లో చర్మం నాని పాచిపోలేదు. ఎరుపు పాదం మీదుగా పైకి పాకలేదు. జ్వరం 99.4 డిగ్రీలు, షుగరు మామూలుగానే ఉంది. వేలి కొసను ఏ కొంచెం కదిపినా ఆయన అరిచారు. చర్మం కంటే లోపలి కీలే మండుతోందని అర్థమైంది.

గౌట్‌లో జరిగేది సూక్ష్మజీవుల దాడి కాదు. రక్తంలోని యూరిక్ ఆమ్లం సూదుల్లాంటి సన్నని స్ఫటికాలుగా కీలులో పేరుకుంటుంది. వాటిని పరాయి వస్తువులుగా ఎంచి తెల్లకణాలు మీద పడడం వల్లనే ఈ వాపు, వేడి, ఎరుపు పుడతాయి. చీము పట్టిన కీలులోనూ పోరాడేది ఆ కణాలే కనుక రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. ముప్ఫైఏడు డిగ్రీల శరీర ఉష్ణోగ్రత దగ్గర ఒక డెసిలీటరు ద్రవంలో సుమారు 6.8 మిల్లీగ్రాముల యూరిక్ ఆమ్లం కరిగి ఉండగలదు. ముప్ఫై డిగ్రీలకు వస్తే 4.5 దగ్గరే ఆ శక్తి ఆగిపోతుంది. గుండెకు దూరంగా, చల్లగా ఉండి, రోజంతా నడక ఒత్తిడిని మోసే బొటనవేలి కీలునే గౌట్ మొదట పట్టుకోవడానికి ఇది ఒక ముఖ్య కారణం. పడుకున్నాక కీలులోని నీరు యూరిక్ ఆమ్లం కంటే త్వరగా బయటికి ఇంకిపోయి మిగిలిన ద్రవం చిక్కబడుతుందని, అర్ధరాత్రి వేళ వాపును అణిచే కార్టిసాల్ హార్మోను కూడా తక్కువగా ఉంటుందని చెప్పే వివరణలు ఉన్నాయి. అమెరికాలో 2015లో వెలువడిన ఒక అధ్యయనంలో పగటికంటే అర్ధరాత్రి నుంచి ఉదయం ఎనిమిది లోపల గౌట్ పోటు వచ్చే అవకాశం సుమారు 2.4 రెట్లు ఎక్కువగా తేలింది.

ఇక లెక్క చూద్దాం. కీలు ద్రవం తీసే వీలు లేని చోట వాడుకోవడానికి నెదర్లాండ్స్ వైద్యులు 2010లో ఒక మార్కుల పద్ధతి ప్రకటించారు. మగవారైతే 2, ఇంతకుముందు ఇలాంటి పోటు వచ్చి ఉంటే 2, ఒక్క రోజులోపల తీవ్రమైతే 0.5, కీలు ఎర్రబడితే 1, అది బొటనవేలి మొదటి కీలైతే 2.5, బీపీ గానీ గుండెజబ్బు గానీ ఉంటే 1.5 మార్కులు. ఈయన బీపీకి హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర వేసుకుంటున్నారు, కనుక మొత్తం 9.5 అయింది. ఎనిమిది, ఆ పైన వస్తే గౌట్ అయ్యే అవకాశం నూటికి ఎనభై పైనే, నాలుగు లోపైతే గౌట్ దాదాపు కాదు. యూరిక్ ఆమ్లం 5.88 దాటితే మరో 3.5 కలుస్తుంది. ఆయన రక్తంలో 6.1 వచ్చింది. లేబొరేటరీ కాగితం మీద ఏడు వరకు మామూలే అని అచ్చువేసి ఉండడంతో వెంట వచ్చిన బావమరిది "ఇది గౌట్ కాదు కదా సార్" అన్నారు. పోటు సాగుతున్న రోజుల్లో మూత్రపిండాలు యూరిక్ ఆమ్లాన్ని ఎక్కువగా బయటికి పంపుతాయి కాబట్టి రక్తంలో అంకె పడిపోయి మనల్ని మోసం చేయగలదు. ఆ అంకె ఒక్కటే చూసి గౌట్‌ను కొట్టివేయడం నేను తరచుగా చూసే పొరపాటు.

అయితే ఈ మార్కులు చీము సంగతి అడగవు. ఇదే వయసు, ఇదే బీపీ, ఇదే ఎరుపు ఉండి, పదేళ్ళుగా షుగరుతో పాదం మొద్దుబారి, గుంటలో నత్తగుల్ల కోసిన గాటు పట్టించుకోని మనిషికి కూడా లెక్క ఎనిమిది దాటగలదు. వణుకుతో కూడిన జ్వరం, పుండు, స్రావం, పాదం పైకి పాకే ఎర్రటి చార, లేదా షుగరు, మూత్రపిండాల జబ్బు, చాలాకాలంగా స్టెరాయిడ్ల వాడకం ఉంటే మార్కులను పక్కన పెట్టి, ఆ రోజే ఆసుపత్రిలో కీలులోకి సూది పెట్టి ద్రవం తీయించాలి. చీము పట్టిన కీలులో మృదులాస్థి కొద్ది రోజుల్లోనే శాశ్వతంగా దెబ్బతింటుంది. అలాంటి కీలుకు గౌట్ అనుకుని స్టెరాయిడ్ ఇస్తే, నొప్పి తాత్కాలికంగా సర్దుకుని లోపల జబ్బు ముదురుతుంది.

తీసిన ద్రవంలో కొంత, సూక్ష్మజీవులు పెరుగుతాయేమో చూసే కల్చరు పరీక్షకు పంపి, కొంత ధ్రువిత కాంతి సూక్ష్మదర్శిని కింద చూస్తారు. సూదిలాంటి స్ఫటికం యంత్రంలోని పలక గీతకు సమాంతరంగా ఉంటే పసుపుగానూ, అడ్డంగా ఉంటే నీలంగానూ మెరుస్తుంది. అదే యూరిక్ ఆమ్లానికి గుర్తు. కానీ స్ఫటికాలు కనబడినంత మాత్రాన చీము లేదని అనకూడదు, రెండూ ఒకే కీలులో ఉండగలవు. తెల్లకణాల సంఖ్య యాభై వేలు దాటితే అనుమానం బలపడుతుంది, అయినా గట్టి గౌట్ పోటులో కూడా అంత సంఖ్య రావచ్చు. గ్రామ్ రంగు పరీక్షలో సూక్ష్మజీవులు కనబడకపోవడం కూడా ఊరట కాదు. చివరి మాట కల్చరుదే, దానికి రెండు మూడు రోజులు పడుతుంది.

కనిగిరి ప్రాంతం నుంచి వచ్చేవారు తమ నొప్పిని ఫ్లోరైడు నీళ్ళకు అంటగట్టడం సహజమే. కానీ ఫ్లోరోసిస్ ఏళ్ళ తరబడి ఎముకలను, వెన్నును బిగుసుకుపోయేలా చేస్తుందే తప్ప ఒక్క రాత్రిలో ఒక వేలిని ఎర్రగా వాపించదు.

మా రోగికి గాయం లేదు, జ్వరం లేదనే చెప్పాలి, మూత్రపిండాల పరీక్ష సరిగా ఉంది. అందుకే యాంటీబయాటిక్ ఇవ్వకుండా గౌట్ వాపును అణిచే కాల్చిసిన్ అర మిల్లీగ్రాము మాత్రలు రెండు అప్పటికప్పుడు, గంట తర్వాత ఒకటి ఇచ్చాను. మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి, కొన్ని యాంటీబయాటిక్‌లు వాడేవారికి ఈ మందు విషమవుతుంది కాబట్టి ఎవరికివారు కొని వేసుకోదగినది కాదు. మర్నాటికి ఆయన చెప్పు తొడగగలిగారు. మూడేళ్ళ కిందటి చిక్కు కూడా ఇక్కడే వీడింది. మందే లేకపోయినా గౌట్ పోటు సాధారణంగా వారం, రెండు వారాల్లో తనంతట తాను సద్దుమణుగుతుంది. అప్పట్లో అయిదో రోజుకు వచ్చిన ఉపశమనం ఇంజెక్షన్ల ఖాతాలో పడింది. అసలు కారణం మూడేళ్ళు ఎవరి కంటా పడకుండా ఉండిపోయింది.

రెండు వారాలకు మళ్ళీ పరీక్షిస్తే యూరిక్ ఆమ్లం 8.4 ఉంది. హైడ్రోక్లోరోథయజైడ్ యూరిక్ ఆమ్లాన్ని పెంచుతుంది కనుక బీపీ మాత్ర మార్చాము. పెళ్ళిళ్ళలో బీరు, వేట కార్జం మానుకోమన్నాను. ఈసారి ఇది గౌటేనని మార్కులను బట్టి నిర్ణయించుకున్నా, మరోసారి ఆ వేలే వాస్తే అప్పుడు కూడా గౌటే అని అనుకోవద్దని చెప్పాను. పట్టు వేయకముందే, దీపం దగ్గర పెట్టుకుని వేళ్ళ సందులు, గోరు పక్కలు, అరికాలు చూసుకోవాలనీ, గాటు గానీ చలిజ్వరం గానీ ఉంటే మిగిలిన కాల్చిసిన్ మాత్ర జోలికి పోకుండా నేరుగా ఆసుపత్రికి రావాలనీ ఆయన భార్య చేత రెండుసార్లు చెప్పించుకున్నాను.