ఇంక్రిమెంటు ఆగితే అడగకూడదా? మా ఆఫీసుల్లో తిరిగే కొన్ని అపోహలు

తిరుపతిలో ఒక ప్రభుత్వ ఆఫీసులో ఎస్టాబ్లిష్‌మెంట్ సీటు చూస్తాను, అంటే సిబ్బంది జీతాలు, సెలవులు, ఇంక్రిమెంట్లు నా చేతి మీదుగా వెళ్తాయి. చిత్తూరు నుంచి మార్చిలో బదిలీపై మా దగ్గరికి వచ్చిన ఒక జూనియర్ అసిస్టెంటు, నవంబరు మొదట్లో నా టేబుల్ దగ్గరికి వచ్చి చాలాసేపు నిలబడి, చివరికి "అన్నా, నా జూలై ఇంక్రిమెంటు ఇంకా రాలేదన్నా, సార్‌ను అడిగితే ఏమనుకుంటారో" అన్నాడు. నాలుగు జీతాలు అయిపోయాయి అప్పటికి.

అపోహ: ఇంక్రిమెంటు దానంతట అదే వస్తుంది, రాకపోతే ఎవరో కావాలని ఆపారు.

వాస్తవం: ఫండమెంటల్ రూల్ 24 ప్రకారం ఆపమని ఉత్తర్వు ఉంటే తప్ప ఇంక్రిమెంటు ఏటా మామూలుగా ఇవ్వాల్సిందే, అందులో అనుమానం లేదు. కానీ అది జీతంలోకి రావాలంటే ఒక మనిషి సర్వీసు రిజిస్టరు తెరిచి, ఆ ఏడాదిలో లెక్కకు రాని జీతం లేని సెలవు ఏదైనా ఉందా, శిక్ష కింద ఇంక్రిమెంటు ఆపారా అని చూసి, సర్టిఫికెట్ రాసి, ఆఫీసరు సంతకం తీసుకుని, బిల్లులో బేసిక్ మార్చాలి. ఈ అబ్బాయి విషయంలో ఎల్‌పీసీ, అంటే పాత ఆఫీసు ఇచ్చే చివరి జీతం సర్టిఫికెట్, వచ్చింది కాబట్టి జీతం సాఫీగా వస్తోంది, సర్వీసు రిజిస్టరు మాత్రం పాత ఆఫీసులోనే ఉండిపోయింది. అది చూడకుండా ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వలేరు. బదిలీ అయినవాళ్లకు ఇంక్రిమెంటు ఆగితే నేను ముందు అడిగేది ఇదే: ఎస్‌ఆర్ ఎక్కడుంది?

అపోహ: కాగితం పెడితే కంప్లయింట్ చేసినట్టే.

ఇది నిజమయ్యేది మనం రాసే తీరును బట్టి. అతను మొదట రాసుకొచ్చినది చదివాను. "నాలుగు నెలలుగా నన్ను నిర్లక్ష్యం చేస్తున్నారు, నా తర్వాత చేరినవాళ్లకు కూడా ఇచ్చారు" అని ఉంది. అతని బాధ నాకు అర్థమైంది, ఇంటద్దె కట్టేవాడికి ప్రతి రూపాయీ లెక్కే. కానీ ఆ కాగితం ఆఫీసరు దగ్గరికి వెళ్తే, ఆయన సెక్షన్‌ను సంజాయిషీ అడుగుతారు, సెక్షన్ తన తప్పు లేదని రాయడంలో పడుతుంది, ఎస్‌ఆర్ మాత్రం కదలదు. ఇద్దరం కూర్చుని మళ్లీ రాశాం:

"విషయం: వార్షిక ఇంక్రిమెంటు మంజూరు గురించి.
అయ్యా, నా వార్షిక ఇంక్రిమెంటు ఏటా జూలైలో వస్తుంది. ఈ ఏడాది జూలై 1 నుంచి నా మూల వేతనం రూ. 25,940 నుంచి రూ. 26,720 కావలసి ఉంది. అక్టోబరు జీతం వరకు ఈ మార్పు జరగలేదు. నా సర్వీసు రిజిస్టరు పాత కార్యాలయం నుంచి ఇంకా అందలేదని తెలిసింది. దయచేసి దాన్ని తెప్పించి, ఇంక్రిమెంటును బకాయిలతో సహా మంజూరు చేయవలసిందిగా కోరుతున్నాను.
జతపరచినవి: గత ఏడాది ఇంక్రిమెంటు ఉత్తర్వు నకలు, ఎల్‌పీసీ నకలు."

ఇందులో ఎవరి మీదా నింద లేదు. తేదీ ఉంది, బేసిక్ ఉంది, ఎక్కడ ఆగిందో ఉంది, ఏం చేయాలో ఉంది. సీటు చూసేవాడికి ఈ నాలుగూ దొరికితే పాత ఆఫీసుకు ఉత్తరం అప్పటికప్పుడు తయారవుతుంది.

అపోహ: నోటితో చెప్తే చాలు, మనవాళ్లే కదా.

నోటిమాటకు నంబరు ఉండదు. ఆఫీసుకు వచ్చే కాగితాలు తీసుకునే తపాలు సీటులో ఇస్తే కరెంట్ నంబరు, అంటే ఆ కాగితం వరుస నంబరు, పడుతుంది, దాని మీద ఏదో ఒకటి తేల్చేదాకా అది ఆ సీటు చూసే గుమాస్తా రిజిస్టరులో పెండింగ్‌గానే కనిపిస్తుంది. అందుకే రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోమన్నాను. రెండు వారాలకు కదలిక లేకపోతే ఆ నంబరు వేసి రెండే వాక్యాల్లో గుర్తుచేయమన్నాను. అతను అలాగే రాశాడు: "పై సూచికలోని నా అభ్యర్థనను మరోసారి మీ దృష్టికి తెస్తున్నాను. ఇంకేమైనా కాగితాలు కావాలంటే వెంటనే సమర్పిస్తాను." నాకు ఆ రెండో వాక్యం బాగా నచ్చింది, అది నేను చెప్పింది కాదు.

ఆలస్యమైతే ఆ నెలల డబ్బు పోయినట్టే అని కూడా టెన్షన్ పడ్డాడు. పోదు, రావలసిన తేదీ నుంచే లెక్క కడతారు.

నవంబరు ఆఖర్లో ఎస్‌ఆర్ వచ్చింది. తీరా చూస్తే బదిలీకి ముందు నెలల్లో పనిచేసినట్టు ధ్రువీకరించే సర్వీసు వెరిఫికేషన్ ఎంట్రీయే లేదు, దానికోసం ఇంకో ఉత్తరం, మళ్లీ పది రోజులు. ఈసారి ఆ ఉత్తరం డ్రాఫ్టు అతనే రాసి తెచ్చాడు, నేను ఒక్క అక్షరం మార్చలేదు. డిసెంబరు జీతంలో బేసిక్ 26,720 పడింది. జూలై నుంచి నవంబరు వరకు నెలకు 780 చొప్పున 3,900, దాని మీద డీఏ, హెచ్‌ఆర్‌ఏ తేడా కలిపి బకాయిల బిల్లు విడిగా పెట్టాను.