హోల్‌సేల్ వ్యాపారికి పంపే ధరల పట్టిక, దాని వెంట ఉత్తరం: అపోహలు - వాస్తవాలు

దేవరకొండలో మాది కిరాణం దుకాణం. ప్రతి నెల మొదటి వారంలో నల్లగొండలోని హోల్‌సేల్ వ్యాపారికి ఒక ధరల పట్టిక పంపుతాను. అందులో సరుకు పేరు, ప్యాకింగు, ఎమ్మార్పీ, గత బిల్లు రేటు, పన్ను శాతం, స్కీము, ల్యాండింగ్ ధర, కావలసిన పరిమాణం అనే ఎనిమిది గడులు ఉంటాయి. ల్యాండింగ్ ధర అంటే పన్ను, స్కీము లెక్కలోకి తీసుకున్నాక ఒక్కో సరుకు మాకు చివరికి పడే ధర. గత నెల రేట్లు ఎంత పడ్డాయో చూపి, ఈ నెల రేట్లు అడగడం దాని ఉద్దేశం. పట్టికతో పాటు ఏ గడిలోని అంకెకు ఏమి అర్థమో చెప్పే ఒక పేజీ ఉత్తరం కూడా జత చేస్తాను. ఈ ఉత్తరం గురించి తోటి దుకాణదారుల నుంచి తరచుగా వినిపించే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: సేటుకు వ్యాపారం తెలుసు, పట్టిక ఒక్కటి పంపితే చాలు, ఉత్తరం ఎందుకు?

సేటుకు వ్యాపారం తెలుసన్నది నిజమే. అయితే ఆయనకు తెలిసినది ఆయన లెక్క, మన పట్టికలో ఉన్నది మన లెక్క. రెండింటికీ మధ్య తేడా ఎక్కువగా ప్యాకింగు గడిలోనే వస్తుంది. నా అనుభవమే చెబుతాను. మా దగ్గర టిఫిన్ సెంటర్ల వారు పామాయిల్ డబ్బాలు తీసుకుంటారు. ఒకసారి పట్టికలో 'పామాయిల్, 15' అని మాత్రమే రాసి ఇద్దరు వ్యాపారులకు పంపాను. ఒకరు 1,880 రూపాయలు, మరొకరు 2,010 రూపాయలు అని రాసి పంపారు. తక్కువ రేటు చూసి మొదటి వారికే ఆర్డరు ఇచ్చాను. సరుకు దిగిన తర్వాత చూస్తే అవి 15 లీటర్ల డబ్బాలు, రెండవ వారు రేటు చెప్పినది 15 కిలోల డబ్బాకు. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది కాబట్టి 15 లీటర్ల డబ్బాలో ఉండేది దాదాపు 13.65 కిలోలు. ఆ లెక్కన మొదటి డబ్బా కిలోకు 137 రూపాయల 70 పైసలు పడగా, ఎక్కువ రేటనుకుని వదిలేసిన డబ్బా కిలోకు 134 రూపాయలే పడేది. అందులో వ్యాపారి తప్పు ఏమీ లేదు, నేను అడిగిన అంకెకే ఆయన జవాబు ఇచ్చారు.

అప్పటి నుంచి ఉత్తరంలో ఈ వాక్యం తప్పనిసరిగా రాస్తున్నాను: 'ప్యాకింగు గడిలో నూనెలన్నిటికీ డబ్బా మీద ముద్రించిన నికర పరిమాణాన్ని, అది కిలోలా లీటర్లా అన్నదానితో సహా రాశాము, మీరు ఇచ్చే డబ్బా వేరే పరిమాణానిది అయితే, రేటు పక్కన ఆ పరిమాణాన్ని కూడా దయచేసి రాయగలరు.' బియ్యం బస్తాలకూ ఇదే జాగ్రత్త అవసరం. 25 కిలోల వరకు ఉన్న లేబులు బస్తాలపై 5 శాతం జీఎస్టీ ఉంది, అంతకు మించిన వాటిపై లేదు. మార్కెట్లో 26 కిలోల బస్తాలు కనిపించడానికి కారణం అదే. ఒక కిలో తేడాతో బరువూ పన్నూ రెండూ మారిపోతాయి కాబట్టి 'బియ్యం బస్తా' అని మాత్రమే రాస్తే వచ్చే రేటును దేనితోనూ పోల్చలేము.

అపోహ: రేటు అంటే రేటే, పన్ను సంగతి బిల్లులో చూసుకోవచ్చు.

నేను చిన్న వ్యాపారులకు ఉన్న జీఎస్టీ కాంపోజిషన్ పథకంలో ఉన్నాను. కొనేటప్పుడు కట్టిన జీఎస్టీని నేను తిరిగి సర్దుబాటు చేసుకోలేను, అది నా ఖర్చులోనే కలిసిపోతుంది. మామూలు రిజిస్ట్రేషన్ ఉన్నవారికి ఆ పన్ను లెక్కలో తిరిగి వస్తుంది. అందువల్ల ఇద్దరు దుకాణదారులు ఒకే సబ్బును ఒకే రేటుకు కొన్నా వారి ల్యాండింగ్ ధర ఒకటి కాదు. హోల్‌సేల్ వ్యాపారి సాధారణంగా పన్ను కలపని రేటే చెబుతారు. అందుకే నా పట్టికలో బిల్లు రేటును పన్ను లేకుండా రాసి, పన్ను శాతానికి వేరే గడి పెట్టాను. 'గత బిల్లు రేటు గడిలోని అంకెలు పన్ను కలపనివి. ల్యాండింగ్ ధర గడిలోనివి పన్ను కలిపినవి' అని ఉత్తరంలో ఒక వాక్యం చాలు. పన్నుకు వేరే గడి ఉండడం ఎంత మేలో 2025 సెప్టెంబరు 22 నాడు తెలిసింది. ఆ రోజు నుంచి స్నానపు సబ్బులు, టూత్‌పేస్టు, బిస్కెట్ల పన్ను 18 నుంచి 5 శాతానికి తగ్గింది, బట్టలుతికే పౌడరు మాత్రం 18లోనే ఉండిపోయింది. పన్ను కలిపిన ఒకే అంకె రాసుకున్న వారు పట్టిక మొత్తం మళ్లీ తయారు చేసుకోవలసి వచ్చింది. నాకు పన్ను శాతం గడి మార్చి, ల్యాండింగ్ ధర మళ్లీ లెక్క వేసుకుంటే సరిపోయింది.

అపోహ: 12 కొంటే 1 ఉచితం అంటే 8.33 శాతం తగ్గింపు.

12లో 1 అనుకుంటే ఆ లెక్క వస్తుంది, కానీ చేతికి వచ్చేవి 13. తగ్గేది 13లో ఒక వంతు, అంటే సుమారు 7.7 శాతం. ఒక సబ్బు తీసుకుందాం, అంకెలు ఉదాహరణకు మాత్రమే. ఎమ్మార్పీ 40, బిల్లు రేటు 34, పన్ను 5 శాతం కలిపితే 35.70. పన్నెండింటికి 428.40 కట్టి పదమూడు తెచ్చుకుంటే ఒక్కొక్కటి 32.95 పడుతుంది. అసలు చిక్కు ఇక్కడ కాదు, స్కీము దేనికి వర్తిస్తుందన్న దాంట్లో ఉంది. డజనుకే వర్తిస్తే, 20 సబ్బులు అడిగిన వారికి ఒక్కటే ఉచితంగా వస్తుంది. 714 రూపాయలకు 21 సబ్బులు, అంటే ఒక్కొక్కటి 34 రూపాయలు. పట్టికలో 32.95 అని రాసుకుని 20 తెప్పించుకుంటే, ఆ అంకె కాగితం మీదే మిగులుతుంది. అందుకే ఉత్తరంలో 'స్కీము గడిలో 12+1 అని ఉన్నచోట అది డజనుకా, పూర్తి కార్టనుకా, ఏ తేదీ వరకా అన్నది దయచేసి నింపి పంపగలరు' అని అడుగుతాను. కావలసిన పరిమాణం గడిని కూడా స్కీముకు సరిపడే గుణకాల్లోనే రాస్తాను.

అపోహ: మార్జిన్ శాతం రాస్తే మన లాభం సేటుకు తెలిసిపోతుంది.

ఈ మాటలో సగం నిజం ఉంది. ఎమ్మార్పీ సరుకులకు దాచడానికేమీ లేదు, ధర పొట్లం మీదే ఉంటుంది, ల్యాండింగ్ ధర ఆయన బిల్లు నుంచే వచ్చింది. విడిగా అమ్మే పప్పులు, చింతపండు వంటి వాటికి మాత్రం మా అమ్మకపు ధరను నేను పట్టికలో రాయను, రాయవలసిన అవసరమూ లేదు. మార్జిన్‌కు వేరే గడి పెట్టను కానీ, ఉత్తరంలో ఒక్క సరుకు గురించి అడిగేటప్పుడు ఆ శాతం దేని మీద లెక్కించానో చెప్పాలి. పై సబ్బుకు మిగిలేది 7.05 రూపాయలు, అది ఎమ్మార్పీ మీద 17.6 శాతం, కొన్న ధర మీద 21.4 శాతం. నేను 'మాకు 20 శాతం రావాలి' అని కొన్న ధర మీద అనుకుని రాస్తే, సేటు దాన్ని ఎమ్మార్పీ మీద లెక్కించి ఇది సాధ్యం కాదని జవాబు రాస్తారు. ఒకసారి సరిగ్గా అలాగే జరిగి, రెండు వారాలు ఉత్తర ప్రత్యుత్తరాలు నడిచాయి.

అపోహ: ఉద్దెర గడువు నోటిమాటగా ఉంటే చాలు, పట్టికకు దానితో పని లేదు.

నగదుకు ఒక రేటు, 15 రోజుల ఉద్దెరకు ఒక రేటు ఇచ్చే వ్యాపారులు ఉన్నారు. ఏ షరతు మీద పడిన రేటో చెప్పకుండా గత బిల్లు రేటు గడిలో రాస్తే, నగదు రేటును చూపి ఉద్దెర అడిగినట్టు అవుతుంది. అది అవతలివారికి నచ్చదు, న్యాయమూ కాదు. ఉత్తరం చివర ఈ రెండు వాక్యాలు రాస్తాను: 'పై రేట్లన్నీ 15 రోజుల ఉద్దెర మీద తీసుకున్నవి. హమాలీ, ఆటో కిరాయి ఇందులో చేరలేదు, వాటిని మేమే భరిస్తాము.' ఆ కిందే తేదీ వేసి, రేట్లు ఏ రోజు వరకు నిలుస్తాయో రాయడానికి ఒక ఖాళీ గీత వదిలి, సంతకం చేసి పంపుతాను.